అడ్మినిస్ట్రేటివ్ లా టైమ్‌లైన్: ఏళ్లు కలిసిపోకుండా చివరి రివిజన్

ప్రశ్న: "ఎల్‌ఎల్‌బీ పేపర్‌కి ఇంకా నాలుగు రోజులే ఉంది సార్. అడ్మినిస్ట్రేటివ్ లాలో ముప్పై కేసుల దాకా చదివాను గానీ ఏది ముందో ఏది తర్వాతో కలిసిపోతున్నాయి. గబగబా తిరగేసుకోడానికి పనికొచ్చే టైమ్‌లైన్ ఎవరైనా చెప్తారా?"

జవాబు:

ముప్పై కేసుల్నీ ఒకే వరసలో పేర్చకండి. ఒక మనిషికి నష్టం కలిగించే నిర్ణయానికి ముందు అధికారి అతని మాట వినాలన్న సహజ న్యాయ సూత్రాల కేసుల్ని మాత్రం నాలుగు ప్రశ్నల కింద విడగొట్టండి. అసలు వినాలా? ఎవరు వినాలి? ఎప్పుడు వినాలి? వినకపోతే ఏమవుతుంది? కోర్టుల ముందుకు ఈ ప్రశ్నలు దాదాపు ఇదే వరసలో వచ్చాయి. అందుకే ఏ కేసు ఏ ప్రశ్నకు జవాబో తెలిస్తే ఏడు దానంతటదే గుర్తొస్తుంది. గుర్తుంచుకోవాల్సిన ఏళ్లు ఇవి: 1863, 1915, 1950, 1958, 1963, 1967, 1969, 1977, 1978, 1981, 1985, 1993, 2023. పదమూడే. డెలిగేటెడ్ లెజిస్లేషన్, ట్రిబ్యునళ్ల సంగతి చివర్లో చెప్తాను.

మొదటి ప్రశ్న: అసలు వినాలా?

1863లో ఇంగ్లండ్‌లో కూపర్ వర్సెస్ వాండ్స్‌వర్త్ బోర్డు. ఇల్లు కట్టేవాళ్లు ఏడు రోజుల ముందు బోర్డుకు నోటీసు ఇవ్వాలని చట్టం. నోటీసు లేకుండా కడితే కూలగొట్టే అధికారం బోర్డుకు ఉంది. కూపర్ ఇల్లు రెండో అంతస్తు దాకా లేచింది. బోర్డు వాళ్లు ఒక్క మాటా అడగకుండా వచ్చి పడగొట్టేశారు. కూలగొట్టే ముందు వినాలని చట్టంలో ఎక్కడా లేదు. అయినా కోర్టు బోర్డుదే తప్పంది. శాసనసభ రాయకుండా వదిలేసిన చోటును కామన్ లా న్యాయమే పూరిస్తుందని జస్టిస్ బైల్స్ అన్నారు. ఆ ఒక్క మాటను జవాబులో రాస్తే చాలు.

ఆ తర్వాత గాలి ఎదురు తిరిగింది. 1915లో లోకల్ గవర్నమెంట్ బోర్డు వర్సెస్ ఆర్లిడ్జ్ వచ్చింది. హ్యాంప్‌స్టెడ్‌లో ఒక ఇల్లు నివాసానికి పనికిరాదని మూసివేత ఉత్తర్వు ఇచ్చారు. ఆర్లిడ్జ్ బోర్డుకు అప్పీలు చేశాడు. నిర్ణయం తీసుకునేవాళ్లు తన మాట నేరుగా వినాలన్నాడు, ఇన్‌స్పెక్టర్ నివేదిక చూపించాలన్నాడు. రెండూ అక్కర్లేదని హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. శాఖ తన పద్ధతిలో నిజాయితీగా పని చేస్తే చాలు, కోర్టులాగా నడవక్కర్లేదు అన్నది దాని సారం.

మన దగ్గర ఆ ధోరణికి గుర్తు 1950 నాటి ప్రావిన్స్ ఆఫ్ బాంబే వర్సెస్ ఖుషాల్‌దాస్ అద్వానీ. బాంబేలో ఒక ఫ్లాట్‌ను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న ఉత్తర్వు. అది పాలనాపరమైనదా, అర్ధన్యాయికమైనదా అన్న దగ్గరే కేసంతా తిరిగింది. పాలనాపరమైనదని తేలింది, సెర్షియరరీ రిట్ రాలేదు. ఈ కాలాన్ని ఒక్క వాక్యంలో రాయండి: 'అర్ధన్యాయిక' అన్న ముద్ర పడితేనే వినే బాధ్యత ఉండేది. తర్వాత వచ్చిన కేసులన్నీ ఈ ముద్రను చెరిపినవే.

చెరపడం మొదలైంది 1963లో, రిడ్జ్ వర్సెస్ బాల్డ్‌విన్‌తో. బ్రైటన్ పోలీసు చీఫ్ కానిస్టేబుల్ రిడ్జ్ మీద క్రిమినల్ కేసు పెట్టారు. అందులో నిర్దోషిగా బయటపడ్డాడు గానీ జడ్జి అతని తీరు మీద ఘాటుగా వ్యాఖ్యానించారు. దాంతో వాచ్ కమిటీ 1958 మార్చి 7న, పిలిచి అడక్కుండానే ఉద్యోగం నుంచి తీసేసింది. మార్చి 18న అతని సొలిసిటర్ మాట విని, పాత నిర్ణయాన్నే ఖాయం చేసింది. అలా వినడంతో మొదటి తప్పు సరిదిద్దుకోలేదని హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. మనిషి హక్కుల మీద దెబ్బ పడే అధికారం అంటేనే వినే బాధ్యత అందులో ఉందని, వేరే ముద్ర కోసం వెతకనక్కర్లేదని లార్డ్ రీడ్ తీర్పు. తీర్పు 1963లో, లా రిపోర్టుల్లో అచ్చయింది 1964లో. ఏ ఏడు రాసినా మార్కులు పోవు, కానీ ఒకే జవాబులో రెండూ రాస్తే పోతాయి.

1967లో ఆ మాటే మన సుప్రీంకోర్టు నోట వచ్చింది, స్టేట్ ఆఫ్ ఒరిస్సా వర్సెస్ డాక్టర్ బీనాపాణి దేయిలో. ప్రభుత్వ డాక్టరమ్మ పుట్టిన తేదీని ప్రభుత్వమే మార్చి లెక్కగట్టి, వయసు దాటిందని రిటైర్ చేసేసింది. విచారణ జరిపారు గానీ ఆ నివేదిక ఆవిడకు ఇవ్వలేదు. ఉత్తర్వు పాలనాపరమైనదే అయినా దాని వల్ల పౌరపరమైన పర్యవసానాలు ఉంటే సహజ న్యాయం పాటించి తీరాలని జస్టిస్ షా రాశారు. ఈ కేసు నుంచి గుర్తుంచుకోవాల్సింది ఆ రెండు పదాల పలుకుబడే. తర్వాతి తీర్పులన్నీ దాన్ని పట్టుకునే నడిచాయి.

రెండో ప్రశ్న: ఎవరు వినాలి?

ఇక్కడ మన ఆంధ్ర కేసే ముందుంటుంది: గుళ్లపల్లి నాగేశ్వరరావు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ. కృష్ణా జిల్లా బస్సు రూట్లను ఆర్టీసీకి ఇచ్చే స్కీమ్ తయారైంది. మోటారు వాహనాల చట్టం 1939లోని నాలుగో-ఏ అధ్యాయం ప్రకారం ప్రైవేటు ఆపరేటర్లు అభ్యంతరాలు చెప్పుకోవచ్చు, ప్రభుత్వం వాళ్ల మాట వినాలి. ఆ అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి. స్కీమ్‌ను ఖరారు చేసింది ముఖ్యమంత్రి.

సుప్రీంకోర్టు రెండు తప్పులు పట్టింది. విన్నది ఒకరు, తేల్చింది ఇంకొకరు కాబట్టి ఆ విచారణ ఉత్తుత్తి తంతే. పైగా ఆ కార్యదర్శి ఈ వివాదంలో ఒక పక్షమైన శాఖకే అధిపతి. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయన అంతకుముందు ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి. తీర్పు 1958 నవంబరులో, అచ్చయింది ఏఐఆర్ 1959లో.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. రెండో అంకం కూడా ఉంది. ఈసారి ముఖ్యమంత్రే స్వయంగా విని, స్వయంగా తేల్చారు. ఆపరేటర్లు మళ్లీ సుప్రీంకోర్టుకెళ్లారు, ఓడిపోయారు. కార్యదర్శి శాఖలో భాగం, మంత్రి మాత్రం శాఖకు బాధ్యుడు గానీ అందులో భాగం కాదని కోర్టు తేడా చూపింది. ఇదీ 1959 రిపోర్టుల్లోనే ఉంది. మొదటిదాంట్లో ఆపరేటర్లు గెలిచారు, రెండోదాంట్లో ఓడారు. ఈ రెంటినీ కలిపి రాసేస్తే జవాబు తలకిందులవుతుంది. 1915 నాటి ఆర్లిడ్జ్‌ను మొదటి గుళ్లపల్లి పక్కన పెట్టి రాయండి. ఒకరు విని ఇంకొకరు తేల్చే పద్ధతిని అక్కడ ఒప్పుకున్నారు, ఇక్కడ ఒప్పుకోలేదు. 'సంస్థాగత నిర్ణయం' మీద ప్రశ్న వస్తే దాదాపు సగం జవాబు ఈ జంటలోనే ఉంది.

1969లో ఏ.కె. క్రైపాక్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు జమ్మూకశ్మీర్ నుంచి అధికారుల ఎంపిక. ఎంపిక బోర్డులో కూర్చున్న తాత్కాలిక చీఫ్ కన్జర్వేటర్ నక్ష్‌బంద్ తానే ఒక అభ్యర్థి. తన పేరు వచ్చినప్పుడు బయటికెళ్లాడు. తన పోటీదారుల పేర్లు వచ్చినప్పుడు మాత్రం కూర్చున్నాడు, జాబితాలో ఎవరు ముందు ఎవరు వెనక అన్న చర్చలోనూ ఉన్నాడు. చివరికి జాబితాలో మొదటి పేరు అతనిదే. ఎంపిక మొత్తం పోయింది.

పక్షపాతం నిజంగా పని చేసిందని రుజువు అక్కర్లేదు, అందుకు తగిన అవకాశం ఉంటే చాలని కోర్టు చెప్పింది. అంతకన్నా పెద్ద మాట, పాలనాధికారానికీ అర్ధన్యాయిక అధికారానికీ మధ్య గీత చెరిగిపోతోందని జస్టిస్ హెగ్డే అనడం. అద్వానీ గీసిన గీతను పందొమ్మిదేళ్లకు క్రైపాక్ తుడిచిందని గుర్తుంచుకోండి. సహజ న్యాయం చట్టంలోని ఖాళీల్ని నింపుతుంది గానీ చట్టాన్ని తోసేసి దాని స్థానంలో కూర్చోదన్న మాటా ఇందులోదే. మినహాయింపుల మీద ప్రశ్న వచ్చినప్పుడు అది అక్కరకొస్తుంది.

మూడో ప్రశ్న: ఎప్పుడు వినాలి?

ఏళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మొహిందర్ సింగ్ గిల్, మేనకా గాంధీ రెండూ 1978 రిపోర్టుల్లో ఉంటాయి. నిజానికి గిల్ ముందు (1977 డిసెంబరు 2), మేనక తర్వాత (1978 జనవరి 25). మేనకను అనుసరించి గిల్ తీర్పు వచ్చిందని రాస్తే తప్పు.

గిల్‌లో ఫిరోజ్‌పూర్ లోక్‌సభ నియోజకవర్గం మొత్తానికి పోలింగ్‌ను ఎన్నికల సంఘం రద్దు చేసింది. వినాలా వద్దా అన్న చర్చతో పాటు ఇంకో సూత్రం దీన్నుంచి వచ్చింది. ఉత్తర్వు మంచిచెడ్డలు అందులో రాసిన కారణాల్ని బట్టే తేలాలి, తర్వాత కోర్టులో అఫిడవిట్ వేసి కొత్త కారణాలు అతికించడానికి లేదు. సర్వీసు కేసులు వాదించేవాళ్లు రోజూ వాడే సూత్రం ఇది. 'కారణాలు చెప్పే బాధ్యత' మీద ప్రశ్న వస్తే ముందు దీన్నే రాయండి.

మేనకా గాంధీ పాస్‌పోర్టును 1977 జులైలో స్వాధీనం చేసుకున్నారు. ఏడు రోజుల్లో అప్పగించమన్నారు. కారణం అడిగితే 'ప్రజా ప్రయోజనం' అన్నారు, వివరాలు ఇవ్వలేదు. పాస్‌పోర్టు చట్టం 1967లోని 10(3)(సి) ఆ అధికారం ఇస్తుంది, ముందుగా వినాలని మాత్రం చెప్పదు. 21వ అధికరణం చెప్పే 'పద్ధతి' న్యాయంగా, సబబుగా ఉండాలని, వినే అవకాశం అందులో భాగమని కోర్టు అంది. ముందుగా చెబితే పాస్‌పోర్టుతో దేశం దాటే ప్రమాదం ఉంది కాబట్టి, స్వాధీనం చేసుకున్న వెంటనే వినొచ్చని ఒప్పుకుంది. నిర్ణయానంతర విచారణ అన్న మాట మన చట్టంలో స్థిరపడింది ఇలా. ఉత్తర్వును కోర్టు కొట్టేయలేదు. విని తేలుస్తామని అటార్నీ జనరల్ ఇచ్చిన హామీ మీద వదిలేసింది. 'మేనక గెలిచింది, పాస్‌పోర్టు తిరిగొచ్చింది' అని రాయకండి.

ఆ వెసులుబాటుకు హద్దు గీసింది 1981 నాటి స్వదేశీ కాటన్ మిల్స్. పరిశ్రమల చట్టం 18-ఏఏ సెక్షన్ కింద మిల్లుల్ని ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది, యాజమాన్యాన్ని ముందు వినలేదు. తొందర పనే అయినా కనీస స్థాయిలో ముందే వినాలని మెజారిటీ అంది. జస్టిస్ చిన్నప్పరెడ్డి విభేదించారు. ఇక్కడ కూడా ప్రభుత్వ హామీ చూసి ఉత్తర్వును కొట్టేయకుండా, తర్వాత పూర్తిగా వినమన్నారు. కాబట్టి క్రమం ఇలా రాయాలి: ముందు వినడం నియమం, తర్వాత వినడం మినహాయింపు.

అసలు వినకుండానే సరిపోయే సందర్భానికి 1985 నాటి తులసీరామ్ పటేల్ ఒక్కటి చాలు. 311(2) అధికరణం రెండో ప్రొవైజో మూడు చోట్ల విచారణను తీసేస్తుంది: క్రిమినల్ కేసులో శిక్ష పడినప్పుడు, విచారణ జరపడం ఆచరణలో సాధ్యం కానప్పుడు, దేశ భద్రత దృష్ట్యా. రాజ్యాంగమే స్పష్టంగా తీసేసినదాన్ని సహజ న్యాయం పేరుతో వెనక్కి తేలేమని కోర్టు అంది. ఇది క్రైపాక్ చెప్పిన మాటకే కొనసాగింపు. రెండో సందర్భంలో మాత్రం కారణాలు రాతపూర్వకంగా ఉండాలి. ప్రాబ్లమ్ ప్రశ్నల్లో కిటుకు సాధారణంగా అక్కడే పెడతారు.

నాలుగో ప్రశ్న: వినకపోతే ఏమవుతుంది?

ఇక్కడ 1993 నాటి ఈసీఐఎల్ వర్సెస్ బి. కరుణాకర్‌ను నిదానంగా చదవండి. ఈసీఐఎల్ మన హైదరాబాద్ ప్రభుత్వరంగ సంస్థే. అయిదుగురు జడ్జీల ధర్మాసనం, తేదీ అక్టోబరు 1. ఒక ప్రాబ్లమ్ మీద పెట్టి చూద్దాం.

*ఒక సంస్థలో స్టోర్ కీపర్ మీద సరుకు మాయం చేశాడని ఛార్జిషీటు. విచారణాధికారి సాక్షుల్ని విని, ఆరోపణ రుజువైందని నివేదిక ఇచ్చాడు. మేనేజరు ఆ నివేదికను ఉద్యోగికి ఇవ్వకుండా డిస్మిస్ చేశాడు. రిట్ వేస్తే ఏమవుతుంది?*

మొదట, విచారణాధికారి, శిక్ష వేసే అధికారి ఒకరేనా అని చూడాలి. ఇక్కడ వేరు. కాబట్టి శిక్ష వేసేవాడు మనసులో అభిప్రాయానికి రాకముందే నివేదిక కాపీ ఉద్యోగికి అంది, అతను సంజాయిషీ ఇచ్చే వీలుండాలి. 42వ సవరణ రెండో షోకాజ్‌ను తీసేసింది కదా అని మేనేజరు తరఫున వాదన వస్తుంది. ఆ సవరణ తీసేసింది శిక్ష ఎంత ఉండాలన్న దాని మీద ఇచ్చే అవకాశాన్ని మాత్రమే. నివేదికలో తేల్చిన దోషం మీద మాట్లాడే హక్కు వేరు, అది అలాగే ఉంది.

తర్వాత తేదీ. ఈ నియమం 1990 నవంబరు 20 తర్వాత వేసిన శిక్షలకే వర్తిస్తుంది. ఆ రోజు మహమ్మద్ రంజాన్ ఖాన్ తీర్పు వచ్చింది. ప్రాబ్లమ్‌లో 1988 అని తేదీ ఇస్తే అది ఊరికే ఇచ్చింది కాదు.

చివరిది పరిహారం. సగం మంది 'డిస్మిస్ చెల్లదు, ఉద్యోగం, జీతం ఇప్పించాలి' అని ముగిస్తారు. కరుణాకర్ అలా చెప్పలేదు. ముందు కోర్టే కాపీ ఇప్పించి, 'ఇది అప్పుడే ఇస్తే నీకు ఏం తేడా వచ్చేది?' అని అడగాలి. స్టోర్ కీపర్ ఏ తేడా చూపించలేకపోతే శిక్ష నిలుస్తుంది. గేట్ రిజిస్టరును విచారణాధికారి తప్పుగా చదివాడని చూపించాడనుకోండి, అప్పుడు నష్టం జరిగినట్టే. శిక్ష పోతుంది, ఉద్యోగంలోకి వస్తాడు, కానీ విచారణ కోసమే. యాజమాన్యం సస్పెన్షన్‌లో ఉంచి, నివేదిక ఇచ్చే దశ నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. పాత జీతం సంగతి ఆ విచారణ ముగిశాకే తేలుతుంది.

దీనికి ఎదురుగా 1980 నాటి ఎస్.ఎల్. కపూర్ వర్సెస్ జగ్‌మోహన్‌ను నిలబెట్టండి. న్యూఢిల్లీ మున్సిపల్ కమిటీని వినకుండా రద్దు చేసిన కేసు. వినకపోవడమే నష్టం, వేరే నష్టం చూపించక్కర్లేదని అందులో అన్నారు. పదమూడేళ్లకే నష్టం చూపించమన్నారు. పూర్తిగా వినకపోవడానికీ, విచారణలో ఒక మెట్టు తప్పడానికీ ఉన్న తేడాతో ఈ రెంటినీ పొసిగేలా రాయొచ్చు. ఆ తేడాను 1996లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాటియాలా వర్సెస్ ఎస్.కె. శర్మ విడమర్చి చెప్పింది.

2023కి ఒక్క కేసు: స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా వర్సెస్ రాజేశ్ అగర్వాల్, మార్చి 27. రుణఖాతాను 'ఫ్రాడ్' అని బ్యాంకు ముద్ర వేస్తే ఆ మనిషికి ఇంకే బ్యాంకులోనూ అప్పు పుట్టదు. రిజర్వు బ్యాంకు 2016 మార్గదర్శకాల్లో ముందు వినాలని లేదు. తెలంగాణ హైకోర్టు 2020లోనే వినాలంది, సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. నోటీసు, జవాబుకు అవకాశం, కారణాలతో ఉత్తర్వు ఉండాలి. అయితే ఎఫ్‌ఐఆర్‌కు ముందు వినక్కర్లేదు. 2024 జులైలో రిజర్వు బ్యాంకు కొత్త మార్గదర్శకాలిచ్చి, షోకాజ్‌కు జవాబివ్వడానికి కనీసం 21 రోజులు పెట్టింది. చట్టంలో లేకపోయినా వినాలన్న 1863 నాటి మాటనే ఇక్కడా వాడారు. కూపర్ ఇల్లు, అగర్వాల్ ఖాతా పక్కపక్కన రాస్తే 160 ఏళ్ల దారి ఒక పేరాలో కనబడుతుంది.

మిగతా అధ్యాయాలకు

డెలిగేటెడ్ లెజిస్లేషన్‌కు 1951 నాటి ఢిల్లీ లాస్ యాక్ట్ అభిప్రాయం నుంచి మొదలెట్టండి: అసలు శాసన విధిని అప్పగించకూడదు, మిగతాది అప్పగించొచ్చు.

ట్రిబ్యునళ్లకు నాలుగు ఏళ్లు: 1976లో 42వ సవరణతో 323-ఏ, 323-బి, 1985లో అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్స్ చట్టం, 1986 డిసెంబరులో సంపత్ కుమార్, హైకోర్టుకు బదులు ట్రిబ్యునల్ ఉండొచ్చని, 1997 మార్చిలో ఎల్. చంద్రకుమార్, ఉండకూడదని. చివరి రెంటి మధ్య 1993లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి సకినాల హరినాథ్ కేసులో, హైకోర్టు అధికారాన్ని తీసేసే 323-ఏ(2)(డి) చెల్లదంది. సంపత్ కుమార్ నుంచి చంద్రకుమార్‌కు దారి ఎలా మళ్లిందో చెప్పడానికి ఈ కేసు కావాలి. గైడ్లలో చాలావరకు ఇది ఉండదు. చంద్రకుమార్ తర్వాత ట్రిబ్యునల్ ఉత్తర్వు మీద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లడం కాదు, ముందు హైకోర్టు డివిజన్ బెంచికి వెళ్లాలి.